సోమవారం పొద్దున మొదట కనిపించాల్సిన అంకె

నేను ఇంటర్న్‌గా చేరిన మూడో వారంలో మా యజమానురాలి ముందు లాప్‌టాప్ తెరిచి పెట్టాను. విజయవాడలో పచ్చళ్లు, పొడులు, పిండివంటలు తయారుచేసి వెబ్‌సైట్ ద్వారా ఊరూరా పంపే చిన్న సంస్థ అది. స్క్రీన్ మీద పద్నాలుగు చార్టులున్నాయి. పైన పెద్ద అక్షరాల్లో మొత్తం అమ్మకాలు, పక్కన వెబ్‌సైట్‌కి వచ్చినవారి సంఖ్య, ఏ రాష్ట్రానికి ఎన్ని ఆర్డర్లో చూపే రంగుల పటం, ఆవకాయ ఎంత, గోంగూర ఎంత అని ముక్కలు చేసిన గుండ్రటి బొమ్మ. ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఓపిగ్గా అన్నీ చూశారు.

"బాగుందమ్మాయ్. ఇది చూసి రేపు పొద్దున నేనేం చెయ్యాలి?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత రెండు నెలలు నేను చేసిన పనంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడమే.

డ్యాష్‌బోర్డ్ అనే మాట గుర్రపు బండి నుంచి వచ్చింది. గుర్రం డెక్కల నుంచి ఎగిరే బురద బండి తోలేవాడి మీద పడకుండా ముందువైపు బిగించిన చెక్కకు ఆ పేరుండేది. తర్వాత కార్లు వచ్చాక డ్రైవరు ముందుండే పలకకు అదే పేరు నిలిచింది. కారు పలక మీద ఏముంటాయో గుర్తు చేసుకోండి. వేగం, పెట్రోలు, వేడి. ఇంజన్‌లో ఇంకా వంద సంగతులు జరుగుతుంటాయి కానీ, బండి నడుపుతూ చెయ్యగలిగిన పని దేనికైతే ఉందో అదే కళ్లముందు పెడతారు. వ్యాపారానికి చేసే వారపు డ్యాష్‌బోర్డ్‌కీ ఇదే కొలబద్ద.

ముందు నిర్ణయాలు, తర్వాత అంకెలు

ఆ పద్నాలుగు చార్టుల్నీ పక్కన పెట్టి, వరసగా రెండు సోమవారాలు మేడం గదిలో ఒక మూల కూర్చున్నాను. ఎవరెవరు వస్తున్నారు, ఏం అడుగుతున్నారు, ఆవిడ ఏం తేలుస్తున్నారు, ఇవే రాసుకున్నాను. రెండు వారాలకీ కలిపి పదిహేను సంగతులు నడిచినా, ప్రతి సోమవారం తప్పనిసరిగా తేల్చేవి మూడే. ఈ వారం ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు ఎంత పెట్టాలి. ప్యాకింగ్‌కు రోజుకూలీ మీద ఎంతమందిని పిలవాలి. నూనె వ్యాపారికి ఇవ్వాల్సిన డబ్బు ఈ వారమే ఇవ్వగలమా, వచ్చే వారం దాకా ఆగమనాలా.

ఈ మూడింటినీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదానికీ ఎదురుగా "దీన్ని తేల్చడానికి ఏ అంకె తెలియాలి?" అని రాశాను. ప్యాకింగ్ మనుషులకు పోయిన వారం వచ్చిన ఆర్డర్లు చాలు. నూనె బాకీకి, ప్రకటనల ఖర్చుకి కావలసింది వేరు. ఆర్డర్లలో ఎన్ని నిజంగా కస్టమరు చేతికి చేరి, వాటి డబ్బు మనకు వచ్చింది అనేది తెలియాలి. రాష్ట్రాల పటానికి, గుండ్రటి బొమ్మకి, ఇన్‌స్టాగ్రామ్ ఫాలోవర్ల సంఖ్యకి ఎదురుగా రాయడానికి ఏమీ దొరకలేదు. అవి చెడ్డ అంకెలు కావు. అవి ఎంత మారినా సోమవారం నాడు ఎవరూ చేసే పని మారదు, అంతే. అందుకని వాటిని రెండో పేజీకి పంపించాను.

నా అభిప్రాయంలో ఇంటర్న్ చేసే పని మొత్తంలో విలువైన గంటలు ఇవే. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్నది తర్వాతి మాట. మేము మామూలు గూగుల్ షీట్ వాడాం, అది సరిపోయింది.

వచ్చిన ఆర్డరు, చేరిన ఆర్డరు

ఇంటికి పార్సిల్ వచ్చాక డబ్బులిచ్చే పద్ధతిని ఈ వ్యాపారంలో సీవోడీ అంటారు, క్యాష్ ఆన్ డెలివరీ. ముందే ఫోన్‌లో చెల్లిస్తే ప్రీపెయిడ్. సీవోడీలో ఒక చిక్కుంది. పార్సిల్ గుమ్మం దాకా వెళ్లాక కస్టమరు వద్దనొచ్చు, ఇంట్లో లేకపోవచ్చు, ఫోను ఎత్తకపోవచ్చు. కొరియర్ అబ్బాయి మామూలుగా రెండు మూడుసార్లు ప్రయత్నించి వెనక్కి పంపేస్తాడు. ఇలా తిరిగొచ్చేదాన్ని ఈ రంగంలో ఆర్టీవో అంటారు. బయల్దేరిన చోటికే తిరిగి రావడం అని దానర్థం. లైసెన్సులిచ్చే ఆఫీసుకీ దీనికీ సంబంధం లేదు. పార్సిల్ వెనక్కొస్తే అమ్మకం పోవడమే కాదు, రానూపోనూ కొరియర్ ఖర్చు కూడా మన మీదే పడుతుంది.

ఇప్పుడు రెండు వారాల లెక్క చెబుతాను. సంస్థ లెక్కలు బయటపెట్టకూడదు కనుక అంకెల్ని గుండ్రంగా మార్చాను. కథ మాత్రం జరిగిందే.

మొదటి వారంలో 340 ఆర్డర్లొచ్చాయి. సగటున ఒక్కోటి 900 రూపాయలు, అంటే 3,06,000. రెండో వారంలో ప్రకటనల ఖర్చు 15,000 నుంచి 30,000కు పెంచారు. 400 ఆర్డర్లొచ్చాయి, 3,60,000. నా పాత డ్యాష్‌బోర్డ్ పైభాగంలో "అమ్మకాలు 18 శాతం పెరిగాయి" అని ఆకుపచ్చ బాణం మెరిసింది. అందరూ సంతోషించారు. ప్రకటనల ఖర్చు ఇంకా పెంచుదామన్న మాట కూడా వచ్చింది.

ఆ పార్సిళ్ల గతి తేలాక మళ్లీ లెక్క వేశాం. మొదటి వారం 340లో 150 సీవోడీ, వాటిలో 30 వెనక్కొచ్చాయి. ప్రీపెయిడ్‌లో 4 వెనక్కొచ్చాయి, 6 పంపకముందే రద్దయ్యాయి. చేరినవి 300. రెండో వారం 400లో సీవోడీ 250, వాటిలో 70 వెనక్కొచ్చాయి. ప్రీపెయిడ్‌లో 3 వెనక్కొచ్చాయి, 7 రద్దయ్యాయి. చేరినవి 320.

అంటే అరవై ఆర్డర్లు పెరిగితే చేతికి చేరినవి పెరిగింది ఇరవై. వాటి విలువ 18,000 రూపాయలు. దీనికోసం ప్రకటనలకు అదనంగా పెట్టింది 15,000. వెనక్కొచ్చిన పార్సిళ్లు 34 నుంచి 73కు పెరిగాయి. ఒక్కోదానికి రానూపోనూ 120 రూపాయల చొప్పున అదనపు ఖర్చు 4,680. రెండూ కలిపితే 19,680. పద్దెనిమిది వేల అమ్మకం కోసం దాదాపు ఇరవై వేలు ఖర్చు పెట్టాం. మామిడికాయ, కారం, నూనె, సీసా ఖర్చు ఇంకా ఇందులో కలపనే లేదు.

అమ్మకాల అంకెలో అబద్ధం లేదు. మేడం తేల్చాల్సిన దానికి అది జవాబు కాదు, అంతే. కాబట్టి డ్యాష్‌బోర్డ్ మీద మొట్టమొదట కనిపించాల్సింది "చేరిన ఆర్డర్ల డబ్బు" అని ఆ రోజే తేలింది. ఆ అంకెను తప్పు లేకుండా తీయడానికి నాకు నెల పట్టింది.

అంకె తీయడంలో తగిలిన దెబ్బలు

మొదటిది వారం అంటే ఏమిటన్నది. గూగుల్ షీట్‌లో వారం నంబరు ఇచ్చే `WEEKNUM` అనే సూత్రం ఉంది. మనం వేరే చెప్పకపోతే అది వారాన్ని ఆదివారంతో మొదలుపెడుతుంది. మా ప్యాకింగ్, కూలి లెక్కలేమో సోమవారం నుంచి ఆదివారం దాకా. పైగా డిసెంబరు ఆఖరి వారం సగం పాత ఏడాదిలో, సగం కొత్త ఏడాదిలో పడి రెండు ముక్కలవుతుంది. అందుకని వారానికి నంబరు ఇవ్వడం మానేసి, ఆ వారం మొదలైన సోమవారం తేదీనే వారం పేరుగా పెట్టాను.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మా వెబ్‌సైట్ నుంచి దించుకునే ఫైలులో ఆర్డరు వేళ మన గడియారం ప్రకారం ఉండేది కాదు. అంతర్జాతీయ ప్రామాణిక కాలం ప్రకారం, మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండేది. ఆదివారం రాత్రి పన్నెండు దాటాక, తెల్లవారుజామున ఐదున్నర లోపు వచ్చిన ఆర్డర్లన్నీ సోమవారానివైనా ఆదివారం ఖాతాలో, అంటే పాత వారంలో పడేవి. ముందు వేళను సరిచేసి, ఆ తర్వాత సోమవారం తేదీ తీయాలి. A గడిలో ఫైలులోని వేళ ఉంటే, పక్క రెండు గడుల్లో ఇలా రాసుకుంటే చాలు:

```
B2:  =A2+5.5/24
C2:  =INT(B2)-WEEKDAY(B2,2)+1
```

రెండో దెబ్బ పెద్దది. కొరియర్ రిపోర్టులో ఒక్కో పార్సిల్‌కి ఎదురుగా దాని స్థితి ఉంటుంది. చేరిన వాటికి `Delivered` అని ఉంటుంది కదా అని, ఆ మాట ఎక్కడ కనిపించినా లెక్కలో వేసుకునేలా సూత్రంలో మాటకు రెండువైపులా చుక్క గుర్తు పెట్టి `"*Delivered*"` అని రాశాను. కొన్ని వరసల్లో మాట చివర ఖాళీ జాగా ఉండి లెక్కకు దొరకట్లేదని అలా చేశాను. ఆ రిపోర్టులో `RTO Delivered` అనే స్థితి కూడా ఉందని చూసుకోలేదు. దానర్థం పార్సిల్ వెనక్కి తిరిగి క్షేమంగా మనకే చేరిందని. అంటే వెనక్కొచ్చిన ప్రతి పచ్చడి సీసానీ నేను అమ్ముడుపోయినట్టు లెక్కేశాను.

దీన్ని పట్టుకున్నది అకౌంట్స్ చూసే పెద్దాయన. ఆయన్ని అందరం బాబాయ్ గారనే పిలుస్తాం. "అమ్మాయ్, నువ్వు చేరాయంటున్న సీవోడీ డబ్బుకీ, కొరియర్ వాళ్లు బ్యాంకులో వేసిన డబ్బుకీ నలభై వేలు తేడా ఉందేంటి?" అని అడిగారు. ఆ రోజు నుంచి ప్రతి వారం నా అంకెని బ్యాంకు అంకె పక్కన పెట్టి చూడడం అలవాటైంది. కొరియర్ సంస్థ కొన్ని రోజులు ఆగి, తన ఛార్జీలు తీసుకుని వేస్తుంది కాబట్టి రూపాయికి రూపాయి కలవదు. కానీ తేడా ఎందుకుందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ వారం అంకె బయటికి వెళ్లకూడదు. ఖాళీ జాగాల్ని ముందే `TRIM`తో తుడిచేసి, మాటను అచ్చంగా సరిపోల్చడమే సరైన దారి:

```
=SUMIFS(orders!D:D, orders!C:C, A2, orders!F:F, "Delivered")
```

ఇక్కడ D ఆర్డరు సొమ్ము, C వారం మొదలైన సోమవారం, F తుడిచి శుభ్రం చేసిన స్థితి. A2లో మనకు కావలసిన వారం తేదీ ఉంటుంది.

ఊరిన వారం, ఊరని వారం

ఇవన్నీ సరిచేశాక కూడా ఒక వింత మిగిలింది. వారం వారం వెనక్కొచ్చిన పార్సిళ్ల శాతాన్ని గీతగా గీస్తే, గీత చివర ఎప్పుడూ కిందికి వంగేది. పోయిన వారం ఎప్పుడు చూసినా అన్ని వారాల కన్నా మెరుగ్గా ఉండేది. రెండు వారాలు గడిచాక అదే వారాన్ని మళ్లీ చూస్తే శాతం పైకి లేచి ఉండేది.

కారణం తేలికైనదే. ఇందాకటి 400 ఆర్డర్ల వారాన్నే తీసుకోండి. అది ముగిసిన మర్నాడు, సోమవారం పొద్దున చూస్తే 150 చేరాయి, 8 వెనక్కొచ్చాయి, 7 రద్దు, మిగతా 235 ఇంకా దారిలో ఉన్నాయి. 400లో 8 అంటే రెండు శాతం. చూడముచ్చటగా ఉంటుంది. దారిలో ఉన్నవాటిని వదిలేసి తేలిన 158లో 8 అని లెక్కేసినా ఐదు శాతమే. నిజం దీనికి ఎంతో దూరంలో ఉంది. చేరే పార్సిల్ మూడు నాలుగు రోజుల్లో చేరిపోతుంది. వెనక్కొచ్చేది మాత్రం గుమ్మం దగ్గర రెండు మూడు ప్రయత్నాలయ్యాక గానీ వెనక్కి తిరగదు. మంచి కబురు ముందొస్తుంది, చెడ్డ కబురు ఆలస్యంగా వస్తుంది. తాజా వారం లెక్క ఎప్పుడూ మంచివైపే మొగ్గుతుంది.

ఇది మేడానికి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే ఆవిడే అందుకున్నారు. "అంటే ఊరలేదన్నమాట. కలిపిన రోజే ఆవకాయ రుచి చూసి ఉప్పు ఎక్కువైందంటే ఎలా? మూడో రోజు తిరగ కలిపాక కదా తెలిసేది" అన్నారు. అంతకన్నా బాగా నేను చెప్పలేకపోయేదాన్ని. ఆ రోజు నుంచి మా షీటులో ఆ వరసల పేర్లే "ఊరిన వారం", "ఊరని వారం".

ఎన్ని రోజులకు ఊరుతుంది? ఊహించి చెప్పకూడదు, పాత లెక్క నుంచే తీయాలి. గత ఆరు నెలల ఆర్డర్లు తీసుకుని, ఆర్డరు పెట్టిన ఎన్నో రోజున దాని గతి తేలిందో చూశాను. ఏడు రోజులకు నూటికి అరవై తేలాయి. పది రోజులకు ఎనభై ఐదు. పద్నాలుగు రోజులకు తొంభై ఏడు. కాబట్టి మాకు పద్నాలుగు రోజులు సరైన గీత. వారంలోని చివరి ఆర్డరుకు కూడా పద్నాలుగు రోజులు నిండితేనే ఆ వారం ఊరినట్టు. అలా చూస్తే సోమవారం పొద్దున మనకు దొరికే తాజా ఊరిన వారం, పోయిన వారానికి ముందు ఇంకో వారం వదిలితే వచ్చే వారం.

దీనికి ఒక వెల చెల్లించాలి. చెడ్డ వార్త రెండు వారాలు ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే ఊరని వారం గురించి మొదటి రోజే తెలిసే సంగతి ఒకటి కావాలి. మా విషయంలో అది ఆర్డర్లలో సీవోడీ వాటా. మొదటి వారంలో అది 44 శాతం, ప్రకటనలు పెంచిన వారంలో 62.5 శాతం. పార్సిళ్లు బయల్దేరకముందే ఈ అంకె మన చేతిలో ఉంటుంది. వెనక్కొచ్చేవి పెరుగుతాయేమో అని అనుమానించడానికి ఇది చాలు.

ఇంకో జాగ్రత్త. ప్రతి సోమవారం ఆనాటి లెక్కను వేరే షీటులో అంకెలుగా అతికించి, తేదీ వేసి దాచాలి. కొరియర్ ఫైలులో స్థితి మారుతూ పోతుంది కాబట్టి పోయిన నెల మీరు ఏం చూసి ఏం చెప్పారో తర్వాత తెలియదు. తాజా వారం ఎప్పుడూ బాగున్నట్టు కనిపిస్తోందన్న సంగతి నేను పట్టుకోగలిగింది ఈ దాచిన లెక్కల వల్లే.

మార్పా, మామూలు ఊగిసలాటా

చేరిన ఆర్డర్లు 300 నుంచి 320 అయ్యాయి. పెరిగినట్టా? నా మొదటి డ్యాష్‌బోర్డ్ అయితే ఏడు శాతం అని ఆకుపచ్చ బాణం వేసేది. పోయిన ఏడాది ఇదే వారంతో పోలుద్దామంటే మన పండగలు కుదరనివ్వవు. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న. దీపావళి 2024లో అక్టోబరు 31, 2025లో అక్టోబరు 20. పిండివంటల వ్యాపారంలో పండగ ముందు వారాన్ని, పండగ తర్వాత వారంతో పోలిస్తే ఏం తెలుస్తుంది?

దీనికి దాదాపు వందేళ్ల నాటి పద్ధతి ఉంది. అమెరికాలో టెలిఫోను పరికరాలు తయారుచేసే కర్మాగారం కోసం వాల్టర్ షూహార్ట్ అనే ఆయన 1924లో ఒక చార్టు గీశారు. తయారీలో ఎప్పుడూ ఉండే మామూలు తేడా ఎంత, నిజంగా ఏదో చెడిందనడానికి గుర్తు ఏమిటి అన్నది విడదీయడానికి. దాన్ని వారపు అంకెలకు సరిపోయేలా తర్వాతివాళ్లు తేలిక చేశారు. కాగితం మీద వేసుకోవచ్చు.

అంతకుముందు ఎనిమిది వారాల్లో మా చేరిన ఆర్డర్లు ఇవి: 296, 310, 288, 305, 300, 292, 309, 300. సగటు సరిగ్గా 300. ఇప్పుడు పక్కపక్క వారాల మధ్య తేడాలు తీయండి, ఎక్కువా తక్కువా అని చూడకుండా: 14, 22, 17, 5, 8, 17, 9. వీటి సగటు 13 చిల్లర. దాన్ని 2.66తో గుణిస్తే 35. సగటుకు అటూ ఇటూ ఆ 35 పెడితే హద్దులొస్తాయి: 265, 335. ఈ మధ్యలో ఎక్కడ ఉన్నా అది ఈ వ్యాపారానికి మామూలు ఊగిసలాటే. 320 హద్దుల్లోనే ఉంది. ప్రకటనల ఖర్చు రెట్టింపు చేసినందుకు చేరిన ఆర్డర్లు నిజంగా పెరిగాయని చెప్పడానికి ఆధారం లేదు.

ఇదే లెక్క సీవోడీలో వెనక్కొచ్చిన శాతానికి వేశాం. అంతకుముందు ఎనిమిది వారాలు 18కి, 22కి మధ్య తిరిగింది, సగటు 20. హద్దులు దాదాపు 16, 24. కొత్త వారం 28. ఇది హద్దు దాటింది. అంటే వెతకాల్సిన చోటు ఇక్కడ ఉంది.

ఎనిమిది వారాల మీద వేసిన హద్దులు కొంచెం వదులుగానే ఉంటాయి. పండగ వారాల్ని ఇందులో కలిపితే హద్దులు మరీ వెడల్పై దేన్నీ పట్టుకోలేవు. మేము పండగ వారాల్ని గుర్తుపెట్టి లెక్కలోంచి తీసేసి, వాటి గురించి పక్కన ఒక వాక్యం రాసేవాళ్లం. రోజుకు పది ఆర్డర్లు కూడా రాని వ్యాపారానికైతే శాతాలు వారం వారం విపరీతంగా ఎగురుతాయి. అక్కడ నాలుగు వారాలు కలిపి చూడడమే నయం.

ఫోన్‌లో పట్టే నాలుగు వరసలు

మేడం లాప్‌టాప్ తెరవరు. ఆవిడ చూసేది ఫోన్‌లో, వాట్సాప్‌లో. అందుకే షీటు ఎంత పెద్దదైనా, సోమవారం తొమ్మిదింటికి వెళ్లేది ఒక్క ఫోటో. దానిలో పట్టేవి నాలుగు వరసలు.

మొదటి వరసలో, పెద్ద అక్షరాల్లో, ఊరిన వారం చేరిన ఆర్డర్ల డబ్బు. దాని కింద చిన్నగా మామూలు హద్దులు, ఎనిమిది వారాల సన్నటి గీత. రెండో వరసలో సీవోడీలో వెనక్కొచ్చిన శాతం, అదీ ఊరిన వారానిదే. మూడో వరసలో పోయిన వారం వచ్చిన ఆర్డర్లు, అందులో సీవోడీ వాటా, ప్రకటనల ఖర్చు. ఈ వరస మొత్తం బూడిద రంగులో ఉంటుంది, ఇంకా ఊరలేదని చూడగానే తెలియాలని. నాలుగో వరసలో ఒక్క వాక్యం, ఈ వారం గమనించాల్సింది ఏమిటో తెలుగులో. చెప్పడానికి ఏమీ లేకపోతే "అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి" అని.

ఎరుపు రంగు హద్దు దాటినప్పుడే వాడాం. అంకె తగ్గిన ప్రతిసారీ ఎరుపు వేస్తే రెండు నెలల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. అంకెల్ని మన పద్ధతిలో లక్షలు, వేలుగా కామాలు పెట్టి రాశాం. గూగుల్ షీట్ అమరికల్లో దేశాన్ని భారత్‌గా మార్చకపోతే పది లక్షల్ని మిలియన్ లెక్కన చీలుస్తుంది, మేడం ప్రతిసారీ సున్నాలు లెక్కపెట్టుకోవాల్సి వచ్చేది.

హద్దు దాటిన ఆ 28 శాతం గురించి ఏం చేశామో చెప్పాలి. వెనక్కొచ్చిన 70 పార్సిళ్లను విడదీసి చూస్తే, 46 మొదటిసారి కొనేవాళ్లవి, ఆ కొత్త ప్రకటన ద్వారా వచ్చినవి. ఎందుకు వద్దన్నారో షీటు చెప్పదు. ప్యాకింగ్ చూసే అక్క, నేను కూర్చుని ఇరవై మందికి ఫోను చేశాం. చాలామంది రాత్రిపూట ఫోన్ చూస్తూ ఆర్డరు నొక్కి మర్చిపోయినవాళ్లు. మేడం రెండు నిర్ణయాలు తీసుకున్నారు. ప్రకటనల ఖర్చు మళ్లీ 15,000. మొదటిసారి సీవోడీ పెట్టినవారికి పార్సిల్ కట్టకముందే ఒక ఫోను.

ఆ తర్వాతి ఊరిన వారం లెక్క ఇది. ఆర్డర్లు 355, వాటిలో సీవోడీ 170. వెనక్కొచ్చినవి 36, అంటే 21 శాతం. ప్రీపెయిడ్‌లో 3, రద్దయినవి 8. చేరినవి 308. నా పాత డ్యాష్‌బోర్డ్ ఉండి ఉంటే పైన "అమ్మకాలు 11 శాతం పడిపోయాయి" అని ఎర్ర బాణం కనిపించేది, ఎవరో ఒకరు ప్రకటనలు మళ్లీ పెంచమనేవారు. నిజానికి చేరిన ఆర్డర్లు మామూలు హద్దుల్లోనే ఉన్నాయి. ప్రకటనల్లో 15,000 మిగిలింది, కొరియర్ వెనక్కొచ్చే ఖర్చులో 4,080 మిగిలింది.

ఈ కథ ఇక్కడితో సాఫీగా ఆగలేదు. వెనక్కొచ్చే శాతం రెండో వరసలోకి వచ్చిందని అందరికీ తెలిశాక, ఫోను ఒకసారి ఎత్తకపోతే చాలు ఆర్డరు రద్దు చేసెయ్యడం మొదలైంది. ఎవరి మీదా చెడ్డ ఉద్దేశం లేదు, ఆ అంకె తగ్గాలని అందరికీ ఆరాటం. ఒక వారం రద్దులు 8 నుంచి 26కు పెరిగాయి. వెనక్కొచ్చే శాతం అందంగా 17కు దిగింది, చేరినవి మాత్రం పెరగలేదు. దాంతో రద్దయిన ఆర్డర్ల సంఖ్యను కూడా రెండో వరసలోనే, ఆ శాతం పక్కనే పెట్టాం. రెండుసార్లు వేర్వేరు వేళల్లో ఫోను చేశాకే రద్దు చేయాలని మేడం చెప్పారు. ఒక అంకెను కిందికి తోయడానికి అడ్డదారి ఏదో ముందే ఆలోచించి, ఆ దారిలో కదిలే అంకెను దాని పక్కనే ఉంచడం మంచిదని నాకు అప్పుడు తెలిసింది.

ఆరు నెలలు పూర్తయ్యేసరికి ఆ నాలుగు వరసల ఫోటో తయారుచేయడానికి సోమవారం పొద్దున నలభై నిమిషాలు పట్టేది. అందులో ఇరవై ఐదు నిమిషాలు బ్యాంకు లెక్కతో సరిచూడడానికే పోయేవి. ఇప్పుడు ఆ పని బాబాయ్ గారు చేస్తున్నారు.

కొత్తగా ఇలాంటి పనిలో చేరిన చెల్లెళ్లకీ తమ్ముళ్లకీ ఒక మాట. మీ షీటులో పోయిన వారం, అంతకుముందు అన్ని వారాల కన్నా ఎప్పుడూ బాగా కనిపిస్తుంటే, ఆ చార్టు ఎవరికీ పంపకండి. మూడు వారాల కిందట దాచిన లెక్క తెరిచి, అదే వారం ఇప్పుడెలా ఉందో పక్కపక్కన పెట్టి చూడండి. అలాంటి దాచిన లెక్క మీ దగ్గర లేకపోతే, వచ్చే సోమవారం నుంచే దాచడం మొదలుపెట్టండి.